“రేపు ఒకసారి వచ్చి కలవండి”: ఆ రాత్రి నిద్ర ఎందుకు పట్టదు, ఏం చేయాలి?

హన్మకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరర్ ఒకరిని ఊహించుకుందాం. రాత్రి తొమ్మిదింటికి ప్రిన్సిపాల్ నుంచి వాట్సాప్‌లో ఒక్క వాక్యం వచ్చింది: “రేపు పొద్దున ఒకసారి వచ్చి కలవండి సార్.” ఎందుకో రాయలేదు. ఇలాంటి సందేశం మీకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. పంపింది బ్యాంకు మేనేజరు కావచ్చు, వియ్యంకుడు కావచ్చు.

లక్షణం

తొమ్మిదిన్నరకు ఆయన అన్నం సగంలో వదిలేశారు. పదింటికి ప్రిన్సిపాల్ ఆన్‌లైన్‌లో ఉన్నారా లేదా అని మూడోసారి చూశారు. పదిన్నరకు భార్యను అడిగారు: “ఏమై ఉంటుందంటావు?” ఆమె “ఏమీ ఉండదు లెండి, టైంటేబుల్ సంగతేదో అయి ఉంటుంది” అన్నారు. ప్రాణం కుదుటపడింది, పది నిమిషాలు. మళ్లీ అడిగారు. అర్ధరాత్రికల్లా ఆయన మనసులో ఉద్యోగం పోయింది, ఇంటి అద్దె కట్టలేకపోయారు, పిల్లవాడిని బడి మాన్పించారు, సామాను సర్దుకుని ఊరికి తిరిగి వెళ్లారు. ఊళ్లో జనం ఏమనుకుంటున్నారో కూడా వినిపిస్తోంది.

ఇక్కడ గుర్తుపట్టాల్సిన ఆనవాళ్లు రెండు. ఒకటి, కొత్త సమాచారం ఏమీ రాకుండానే భయం గంటగంటకూ పెరిగింది. రెండోది, ఎవరైనా ధైర్యం చెబితే అది నిలవడం లేదు. ఈ రెండూ కలిసి కనిపిస్తే బయట జరిగిన సంగతి కంటే ముందు, దాని గురించి మనం చేస్తున్న ఆలోచనను పరీక్షించాలి.

కారణం

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పనిచేసిన మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960ల మొదట్లో ఒక సంగతి గమనించారు. కుంగుబాటుతో వచ్చినవారు పైకి చెప్పే మాటల వెనుక మరో ఆలోచనల ధార నడుస్తోంది. అది చటుక్కున వస్తుంది, ఎవరూ పిలవకుండానే వస్తుంది, వచ్చిన మరుక్షణం నిజంలా అనిపిస్తుంది. ఆ ఆలోచనల్లో కొన్ని రకాల తప్పులు పదే పదే కనిపిస్తాయని ఆయన రాశారు. వాటినే కాగ్నిటివ్ డిస్టార్షన్స్ అంటున్నారు, తెలుగులో ఆలోచనా వక్రీకరణలు. పట్టీ పెద్దదే, కానీ మన లెక్చరర్ ఇంట్లో ఆ రాత్రి పనిచేసినవి రెండే.

మొదటిది ఎదుటివారి మనసు చదివేయడం. మధ్యాహ్నం వరండాలో ఆయన నమస్కారం పెడితే ప్రిన్సిపాల్ తల ఊపకుండా వెళ్లిపోయారు. చూసింది అంతవరకే. “నా మీద కోపంగా ఉన్నారు” అన్నది చూసింది కాదు, కలుపుకున్నది. కలుపుకున్నామన్న గుర్తే లేకపోవడం ఇందులోని చిక్కు.

రెండోది ఘోరాన్ని ఊహించుకోవడం, కెటాస్ట్రోఫైజింగ్. కోపం నుంచి ఉద్యోగం, ఉద్యోగం నుంచి అద్దె, అద్దె నుంచి ఊరు. ప్రతి మెట్టూ విడిగా చూస్తే “జరగవచ్చు” అనే అనిపిస్తుంది. అన్నీ వరుసగా జరగాలంటే ఎన్ని కలిసి రావాలో మాత్రం మనసు లెక్క వేయదు. “కీడెంచి మేలెంచమన్నారు కదా” అని సమర్థించుకునేవారూ ఉన్నారు. మంచిదే, రెండో సగం కూడా చేస్తే. మన లెక్చరర్ అర్ధరాత్రి దాకా కీడు దగ్గరే ఆగిపోయారు.

ఈ రెండూ ఒకదానికొకటి మేత వేసుకుంటాయి. మనసు చదివేయడం మొదటి మెట్టు వేస్తుంది, భయం మిగతావి కట్టేస్తుంది. అందుకే సరిచేయడం మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలి.

పరిష్కారం: కాగితం మీద

తలలోనే వాదించుకుంటే ఆలోచన గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. కాగితం, పెన్ను తీసుకుని, ఒక్కో సంగతికి ఒక్కో గడి గీసుకోవాలి. పావుగంట చాలు.

ముందు జరిగింది రాయాలి, కెమెరాకు చిక్కేది మాత్రమే. “ప్రిన్సిపాల్ వరండాలో ఆగకుండా వెళ్లారు. రాత్రి 9కి రమ్మని సందేశం పంపారు.” “కోపంగా వెళ్లారు” అని రాస్తే అప్పుడే తప్పు దొర్లినట్టు, కోపం కెమెరాకు చిక్కదు.

తర్వాత ఆలోచన. ఇక్కడ చాలామంది “ఉద్యోగం పోతుందేమో?” అని ప్రశ్నగా రాస్తారు. ప్రశ్నను పరీక్షించలేం. దాని అడుగున ఉన్న వాక్యాన్ని బయటకు లాగాలి: “రేపు నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు.” దాన్ని ఎంత నమ్ముతున్నారో పక్కన వేయాలి. ఆయన 80 శాతం అని వేశారు. భయం 90.

ఇప్పుడు దానికి అనుకూలంగా ఉన్న ఆధారాలు. వీటిని నిజాయితీగా రాయాలి, లేకపోతే తర్వాత రాసేదాన్ని మనసు నమ్మదు. “ఒక సెక్షన్‌లో గత పరీక్షలో మార్కులు తగ్గాయి. నమస్కారానికి స్పందించలేదు.” ఆయన మూడోదిగా “గుండె దడదడలాడుతోంది, ఏదో జరగబోతోంది” అని కూడా రాశారు. అది కొట్టేయాలి. గుండెదడ భయానికి ఆధారమే కానీ ప్రిన్సిపాల్ ఉద్దేశానికి ఆధారం కాదు.

వ్యతిరేక ఆధారాలు: “విద్యా సంవత్సరం మధ్యలో ఇక్కడ ఎవరినీ తీసేయలేదు. పోయిన నెల రెండు అదనపు క్లాసులు నాకే ఇచ్చారు. ఇలా పిలిచిన ప్రతిసారీ ఏదో పని చెప్పడానికే పిలిచారు.” చివరిది చాలా విలువైనది. భయంలో ఉన్నప్పుడు గతం గుర్తురాదు, రాస్తేనే వస్తుంది.

వరండా సంగతికి కనీసం మూడు వేరే వివరణలు రాయాలి. ఫోనులో మాట్లాడుతూ ఉండవచ్చు, ఎవరో తల్లిదండ్రులు ఆఫీసులో గొడవ పెడుతూ ఉండవచ్చు, అసలు చూసి ఉండకపోవచ్చు. ఇందులో ఏది నిజమో తేల్చక్కరలేదు. “కోపం” అన్నది నాలుగింటిలో ఒకటి అని కంటికి కనబడితే చాలు.

ఇక మెట్ల లెక్క. ఆయనే వేసుకున్న అంకెలివి. ప్రిన్సిపాల్‌కు నిజంగా అసంతృప్తి ఉండే అవకాశం: 50 శాతం. అసంతృప్తి ఉంటే, అది వెంటనే తొలగించేదాకా వెళ్లడం: 10 శాతం. తొలగిస్తే, మూడు నెలల్లో మరో పని దొరకకపోవడం: 30 శాతం. మూడూ వరుసగా జరగాలంటే గుణించాలి: నూటికి ఒకటిన్నర. ఈ అంకెలు ఊహలే, శాస్త్రీయ కొలతలు కావు. కానీ అవి భయపడుతున్న మనిషే వేసిన అంకెలు. సామాను సర్దుకునే దృశ్యం రేపో మాపో ఖాయమన్నట్టు కనిపిస్తూ వచ్చింది, ఆయన సొంత లెక్క ప్రకారమే అది దరిదాపుల్లో లేదు.

ఒకటిన్నర శాతం సున్నా కాదు కదా అని మనసు అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. అందుకే చివరి గడి: జరిగితే ఏం చేస్తాను? “నయీంనగర్ చుట్టుపక్కల కాలేజీల్లో అడుగుతాను. సాయంత్రం ట్యూషన్లు మొదలుపెడతాను. రెండు నెలల అద్దెకు సరిపడా డబ్బు ఉంది. బావమరిదిని అడగగలను.” ఈ గడిని వదిలేసేవారు ఎక్కువ. నా అనుభవంలో భయాన్ని బాగా దించేది ఇదే, ఎందుకంటే ఘోరం ఊహించే మనసు ఆ కథలో మనల్ని చేతులు కట్టేసిన మనిషిలా నిలబెడుతుంది.

మళ్లీ అంకెలు: నమ్మకం 30, భయం 50. సున్నాకు రావాలని చూడకండి. నిద్ర పట్టేంత తగ్గితే ఆ రాత్రికి పని అయినట్టే.

పరిష్కారం: కాలేజీలో

కాగితం సగం పని చేస్తుంది. మిగతా సగం నేరుగా కనుక్కోవడం. వెళ్లే ముందు ఒక వాక్యం రాసుకోవాలి: “తీసేస్తున్నామని చెబుతారు.” ముందే రాయకపోతే తర్వాత “నేనేం అంత భయపడలేదు” అని మనసు మాట మార్చేస్తుంది.

అడిగే తీరులో ఒక మెళకువ ఉంది. “సార్, నా మీద కోపంగా ఉన్నారా?” అని అడిగితే ఎవరైనా “అబ్బే, లేదండి” అంటారు. ఆ జవాబును మీరూ నమ్మరు. “సార్, మార్కుల విషయంలో గానీ ఇంకేదైనా గానీ నేను సరిచేసుకోవాల్సింది ఉంటే చెప్పండి” అంటే ఎదుటివారికి నిజం చెప్పే దారి దొరుకుతుంది.

ఫలితం ఏమైంది? ప్రిన్సిపాల్ మార్కుల మాటే ఎత్తారు. “ఆ సెక్షన్‌కు వారంలో రెండు రోజులు అదనపు క్లాసు పెట్టండి సార్, తల్లిదండ్రులు అడుగుతున్నారు” అన్నారు. అంటే అసంతృప్తి నిజమే. తొలగింపు మాట రాలేదు. ఈ కథను “సందేశం టైంటేబుల్ గురించే” అని తేలిగ్గా ముగించవచ్చు, కానీ జీవితంలో సాధారణంగా జరిగేది ఇలాంటిదే: అనుమానంలో కొంత నిజం ఉంటుంది, ముగింపులో ఉండదు. మనసు చదివేయడం అప్పుడప్పుడు సరిగ్గా తగులుతుంది కూడా, అందుకే ఆ అలవాటు అంత గట్టిగా పట్టుకుంటుంది.

పనిచేయకపోతే

రాసినా భయం దిగకపోతే ముందు ఫోను సంగతి చూడండి. ఆన్‌లైన్‌లో ఉన్నారా అని చూడటం, ఇంట్లోవారిని మళ్లీ మళ్లీ అడగటం ఆపారా? ప్రతి ఓదార్పూ కాసేపు ఊరటనిచ్చి, “ఇది అడిగి తెలుసుకోవాల్సినంత ప్రమాదం” అని మనసుకు మళ్లీ నేర్పుతుంది. ఇంట్లోవారు ఒకసారి జవాబు చెప్పి, రెండోసారి “రాసుకున్నారా? ఆ కాగితం తీయండి” అంటే మేలు.

అప్పటికీ దిగకపోతే మీరు పరీక్షించిన ఆలోచన అసలుది కాకపోవచ్చు. “తీసేస్తే ఏమవుతుంది, దాని అర్థం నాకు ఏమిటి?” అని కిందికి అడుగుతూ వెళ్లండి. కొందరికి అడుగున “నేను చేతకానివాడిని” అన్న పాత వాక్యం ఉంటుంది. దాన్ని ఒక్క రాత్రిలో కదిలించలేం. సైకాలజిస్టుతో కొన్ని వారాలు కూర్చోవాల్సిన పని అది.

కొన్నిసార్లు ఆలోచనలో లోపమే ఉండదు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతు “తేమ ఎక్కువుంది, మద్దతు ధర రాదు” అని దిగులుపడితే అది మీటరుతో కొలవగలిగిన సంగతి. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ 12 శాతానికి మించిన తేమ ఉన్న పత్తిని కొనదు. అక్కడ గడులు గీసి ఆధారాలు వెతకడం వృథా, పత్తిని ఎండబెట్టే ఏర్పాటు చూడాలి. నిజమైన అప్పు, నిజమైన జబ్బు, ఇంట్లో నిజంగా చేయి చేసుకుంటున్న మనిషి, వీటిని “నీ ఆలోచనే తప్పు” అని కొట్టిపారేయకూడదు.

రెండు వారాలుగా దాదాపు రోజంతా మనసు బాగోకపోయినా, నిద్ర, ఆకలి తప్పినా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా కాగితం దగ్గర ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. వరంగల్‌లో ఉన్నవారు ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి నేరుగా వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు రాసుకున్న కాగితాలు తీసుకెళ్లండి, డాక్టరుకు మీ సంగతి త్వరగా అర్థమవుతుంది.