తెలుగు చేసేటప్పుడు ముందు క్రియను వెతకండి

ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చేసేటప్పుడు అక్కడి మాటల వరస పట్టుకుని పోవద్దు. అసలు క్రియ ఏదో చూసి, దాన్ని చివర పెట్టి, మిగతాది దాని ముందు పేర్చుకోండి.

‘ద ఫార్మర్ హూ బాట్ సీడ్స్ నియర్ ద క్లాక్ టవర్ కేమ్ బ్యాక్ యెస్టర్‌డే’ అని ఉందనుకోండి. అనంతపురంలో ఎవరైనా ‘గడియారస్తంభం దగ్గర విత్తనాలు కొన్న రైతు నిన్న మళ్లీ వచ్చాడు’ అనే అంటారు. క్రియ ఒక్కటే కాదు, దాంతోపాటు ఇంకో రెండు తిరగబడ్డాయి చూడండి. ‘నియర్’ పేరుకు ముందుంటే ‘దగ్గర’ పేరు వెనక చేరింది. ‘హూ బాట్’ రైతు తర్వాత వస్తే ‘కొన్న’ రైతుకు ముందే వచ్చేసింది. క్రియ చివరుండే భాషలు చాలావాటిలో ఇదే పద్ధతి, కన్నడంలోనూ ఇంతే.

అసలు టెన్షన్ ‘నిన్న’తో. దాన్ని వాక్యం మొదట్లో పెడితే, ‘నిన్న గడియారస్తంభం దగ్గర విత్తనాలు కొన్న రైతు మళ్లీ వచ్చాడు’ అవుతుంది. నిన్న కొన్నాడా, నిన్న వచ్చాడా? చదివేవాళ్లకు తెలీదు. అందుకే కాలం చెప్పే మాటను దాని క్రియ పక్కనే ఉంచండి.

రైతు ముందు ‘విత్తనాలు కొన్న’ లాంటివి మూడు నాలుగు పోగైతే వాక్యాన్ని విరిచేయడమే మంచిది: ‘ఒక రైతు గడియారస్తంభం దగ్గర విత్తనాలు కొన్నాడు. ఆయన నిన్న మళ్లీ వచ్చాడు.’