విజిల్ రాని కుక్కర్: మూత తీసే ముందు చూడాల్సింది

రబ్బరు మార్చమని నా దగ్గరికి వచ్చే కుక్కర్లలో చాలావాటికి రబ్బరు బాగానే ఉంటుంది. "విజిల్ రావట్లేదు, రబ్బరు పోయింది" అంటారు. మూత వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఆవిరి గొట్టంలోంచి చూస్తే అవతలి వైపు కనిపించదు.

విజిల్ రాకపోతే ముందు మూత అంచు చూడండి. చుట్టూ బుస్సుమని ఆవిరి పోతుంటే రబ్బరు గట్టిపడిందనో, సరిగ్గా కూర్చోలేదనో అర్థం. మార్చేస్తే సరిపోతుంది. మాడు వాసన వస్తుంటే నీళ్లు అయిపోయాయి, వెంటనే స్టవ్ ఆపేయండి. అంచు దగ్గర ఆవిరి లేదు, మాడు వాసన లేదు, మంట మాత్రం పావుగంటగా మండుతోంది, కుక్కర్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. భయపడాల్సింది దీనికే. గొట్టం మూసుకుపోయి, ప్రెషర్ లోపలే పేరుకుంటూ ఉండొచ్చు.

ఇందులో నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. మా ఇంట్లో మూడు లీటర్ల కుక్కర్లో టమాటా పప్పు పెట్టాం. రెండు గ్లాసుల కందిపప్పు, ఐదు గ్లాసుల నీళ్లు, నాలుగు టమాటాలు, ఒక ఉల్లిపాయ. గ్లాసు 200 మిల్లీలీటర్లు అనుకుంటే పప్పూ నీళ్లే 1.4 లీటర్లు, కూరగాయలతో కలిపి రెండు లీటర్లకు దగ్గర. మామూలు వంటకు కుక్కర్ మూడింట రెండు వంతుల వరకు నింపొచ్చు. కానీ పప్పు, శనగలు, బియ్యం లాంటి నురగొచ్చేవాటికి నీళ్లతో సహా సగం దాటకూడదు. అంటే మా కుక్కర్‌కి లీటరున్నరే హద్దు. రెండు విజిల్స్ వచ్చాయి, తర్వాత మౌనం. స్టవ్ ఆపి, తొందరపడి వెయిట్ కొంచెం ఎత్తాను. ఆవిరి రాలేదు. ప్రెషర్ పోయిందనుకుని మూత తిప్పాను. పప్పు పైకప్పుకి అంటింది, ముంజేయి కాలింది. కడిగేటప్పుడు చూస్తే గొట్టంలో చుట్ట చుట్టుకున్న టమాటా తొక్క.

వెయిట్ ఎత్తితే ఆవిరి రాలేదంటే ప్రెషర్ లేదని కాదు, గొట్టం మూసుకుపోయిందని కూడా కావొచ్చు. లోపల నీళ్లు దాదాపు 120 డిగ్రీల దగ్గర ఉంటాయి. మూత ఊడిన క్షణంలో ప్రెషర్ పడిపోయి, అంత నీరూ ఒకేసారి మరిగి పైకి లేస్తుంది. మూత కుక్కర్ లోపలికి దిగే రకాల్లో ప్రెషర్ ఉంటే మూత కదలదు. బయటి నుంచి బిగించే రకాల్లో పిడి బిగుసుకుని ఉన్నా, బలం చేస్తే ఊడొచ్చు. బలం చేయకండి.

కుక్కర్ అలా మౌనంగా ఉంటే స్టవ్ ఆపి, కదపకుండా అలాగే వదిలేయండి. ఎంతసేపు పట్టినా పట్టనీయండి. గిన్నె చేతికి చల్లగా తగిలాకే వెయిట్ తీసి, మూతని ముఖానికి ఎడంగా వంచి తెరవండి. తర్వాత గొట్టంలో సన్న పుల్ల పెట్టి శుభ్రం చేసి, నీళ్లు పోసి ధారగా దిగుతున్నాయో లేదో చూడండి.

అసలు ఇదంతా రాకుండా ఉండాలంటే మూత పెట్టగానే వెయిట్ పెట్టకండి. ముందు గొట్టంలోంచి ఆవిరి నిలువుగా, ఆగకుండా రానివ్వండి, అప్పుడు పెట్టండి. గొట్టం తెరిచి ఉందని ఆ ఆవిరే చెబుతుంది. పది సెకన్ల పని, ఎవరూ చేయరు.

ఇక ప్రెషర్ దించడం. పప్పు, శనగలు, రాజ్మా, అన్నం, గంజి కాసేవి స్టవ్ ఆపాక వాటంతటవే దిగాలి, పది పదిహేను నిమిషాలు. వెయిట్ ఎత్తితే నురగ గొట్టంలోకి ఎగదన్నుతుంది, పొట్టు అక్కడే ఇరుక్కుంటుంది. పంపు కింద పెట్టినా లోపల మరుగు లేస్తుంది కాబట్టి పప్పుకి అదీ వద్దు. మాంసమూ అలాగే వదిలేయండి, గబుక్కున దించితే ముక్క గట్టిపడుతుంది. బీన్స్, క్యాబేజీ, క్యారెట్ లాంటివి మాత్రం వెంటనే దించాలి, లేదంటే ఆ వేడికే మెత్తబడి ముద్దవుతాయి. వాటికి వెయిట్‌ని గరిటతో కొంచెం కొంచెంగా ఎత్తండి, చెయ్యి ఆవిరికి పక్కన ఉండాలి.

అంచు సొట్టపోవడం, పిడి స్క్రూ వదులవడం అరుదు, చూస్తే తెలిసిపోతాయి. సేఫ్టీ వాల్వ్ కరిగిపోతే అదే మోడల్‌ది కొని వేయండి. దాని బొక్కలో బోల్టు బిగించి తెచ్చినవాళ్లని కూడా చూశాను. అలాంటి కుక్కర్ వాల్వ్ మార్చకుండా తిరిగివ్వను.