డయాలసిస్‌కి వారంలో విడివిడి సెలవులు: ఈఎస్ఐ డబ్బు ఎక్కడ ఆగుతుంది, ఎలా రాబట్టుకోవాలి

నేను బెంగళూరు పీణ్యలో ఒక మెషిన్ షాపు టైమ్ ఆఫీసులో పని చేస్తాను. పంచింగ్, మస్టర్, ఈఎస్ఐ, పీఎఫ్ అన్నీ నా టేబుల్ మీదే. హిందూపురం, మడకశిర, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. గత రెండేళ్లలో వాళ్లలో ముగ్గురికి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. ముగ్గురికీ ఈఎస్ఐలో వైద్యం దొరికింది కానీ, సెలవు రోజుల డబ్బు మాత్రం మొదట్లో ముగ్గురికీ ఆగిపోయింది. ఆగిన చోటు ముగ్గురికీ ఒకటే కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. వారంలో రెండు రోజులు, మూడు రోజులు విడివిడిగా సెలవు తీసుకునే హక్కు అని మన దగ్గర వేరే చట్టమేమీ లేదు. కంపెనీ ఒప్పుకోవాలి, ఈఎస్ఐ డబ్బు ఇవ్వాలి. ఈ రెండింటికీ కాగితాలు వేరు, కానీ వాటిలో తేదీలు మాత్రం అచ్చంగా ఒకటే ఉండాలి. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతున్నవాళ్లకే ఇది పనికొస్తుంది.

మామూలు పనులు త్వరగా చెప్పేస్తాను. ఈఎస్ఐ నంబరుకి ఆధార్, బ్యాంకు ఖాతా కలిసి ఉన్నాయో లేదో చూసుకోండి. డిస్పెన్సరీ మీరు ఇప్పుడుండే ఏరియాదే అయ్యుండాలి. అద్దె ఇల్లు మారి దాసరహళ్లికి వచ్చినా పాత డిస్పెన్సరీ పేరే ఉండిపోయినవాళ్లు చాలామంది, ముందు అది మార్పించండి. డయాలసిస్‌కి డిస్పెన్సరీ నుంచి ఈఎస్ఐ ఆసుపత్రికి, అక్కడ ఖాళీ లేకపోతే ఈఎస్ఐతో ఒప్పందం ఉన్న టై-అప్ ఆసుపత్రికి రెఫరల్ రాస్తారు. వీటిలో దేనికీ డబ్బు కట్టక్కర్లేదు. ఆఫీసు గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి "రెండు వేలివ్వు అన్నా, శాంక్షన్ చేయిస్తా" అనేవాడు చేసేది కూడా మీరు నింపగలిగే క్లెయిమే.

ఇక అసలు సంగతి. అనారోగ్య సెలవుకి ఈఎస్ఐ సగటు రోజు వేతనంలో 70 శాతం ఇస్తుంది. అయితే అనారోగ్యం మొదలైన మొదటి రెండు రోజులకి డబ్బు లేదు. మూడో రోజు నుంచే లెక్క. జ్వరమొచ్చి పది రోజులు పడుకున్నవాడికి ఇది పెద్ద విషయం కాదు. మంగళవారం ఒక రోజు, గురువారం ఒక రోజు పోయేవాడికి మాత్రం, ప్రతి రోజూ "మొదటి రోజే" అయి కూర్చుంటుంది. నెలంతా తిరిగినా ఖాతాలో రూపాయి పడదు.

దీనికి నిబంధనలోనే మినహాయింపు ఉంది. ఇంతకుముందు డబ్బు ఇచ్చిన సెలవు ముగిశాక 15 రోజులు మించకుండా మళ్లీ సెలవు పడితే, ఆ రెండు రోజుల కోత ఉండదు. అప్పుడు ఒక్క రోజు సెలవుకి కూడా డబ్బు వస్తుంది. కానీ "డబ్బు ఇచ్చిన సెలవు" అనే మాట దగ్గర ఆగి చూడండి. మొదట ఒక్కసారైనా మూడు రోజులో అంతకన్నా ఎక్కువో వరుసగా ఉన్న సెలవుకి సర్టిఫికెట్ తీసుకుని, క్లెయిమ్ వేసి, డబ్బు పడి ఉండాలి. ఆ తర్వాతే ఒక్క రోజు సెలవులు దానికి గొలుసులా తగులుకుంటాయి. మొదటి కొక్కెం లేకపోతే గొలుసే లేదు.

చాలామందికి ఆ మొదటి సెలవు సహజంగానే ఉంటుంది. మెడ దగ్గర క్యాథెటర్ వేసినప్పుడో, డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేసినప్పుడో నాలుగైదు రోజులు ఆసుపత్రిలో ఉంటారు. ఆ హడావుడిలో ఎవరూ దానికి క్లెయిమ్ వేయరు. "ఆ నాలుగు రోజులదేముందిలే" అని వదిలేస్తారు. వదిలేయకూడనిది అదే!

మా రమణ (పేరు మార్చాను) సంగతి చెప్తాను. జీతం 18,000, రోజుకి 600 లెక్క, అందులో 70 శాతం అంటే 420. జూన్ 1 సోమవారం ఆసుపత్రిలో చేరి 6 శనివారం దాకా ఉన్నాడు. తర్వాత డయాలసిస్ మంగళ, గురు, శనివారాలు. తొలి పదిహేను రోజుల మీద అతను తెచ్చిన సర్టిఫికెట్‌లో "1 నుంచి 15 వరకు విశ్రాంతి" అని ఒకే గీతగా ఉంది. రాసినాయన మంచి మనసుతోనే రాసుంటాడు. కానీ మా మస్టర్‌లో 8న, 10న, 12న పంచ్ ఉంది, జీతమూ ఉంది. పని చేసిన రోజుకి, జీతంతో సెలవు ఇచ్చిన రోజుకి ఈఎస్ఐ డబ్బు ఇవ్వదు. ఆ రోజుల్లో మనిషి పనిలో లేడని కంపెనీని రాసిమ్మని అడుగుతుంది. నేను రాసివ్వలేను కదా. క్లెయిమ్ ఆగింది. ఈలోపు ఎవరో "ఆ రోజులు పంచ్ వేయకు, ఓనర్ని క్యాష్ ఇమ్మను" అని సలహా ఇచ్చారు. దయచేసి అది చేయకండి. పట్టుబడితే తప్పుడు క్లెయిమ్ కేసు, పట్టుబడకపోయినా చందా రోజులు, అంటే జీతం పడి ఈఎస్ఐ కట్ అయిన రోజులు, తగ్గిపోతాయి. చందా సంగతి కింద చెప్తాను.

రమణ మళ్లీ డిస్పెన్సరీకి వెళ్లాడు. ఈసారి డయాలసిస్ సెంటర్ నుంచి ఏ తేదీన ఎన్ని గంటలకి ఎక్కించారో, ఎన్ని గంటలకి దించారో ఉన్న హాజరు చీటీ, దానికి పక్కనే నా దగ్గర తీసుకున్న మస్టర్ నకలు పట్టుకెళ్లాడు. డాక్టరు రెండూ చూసి, 1 నుంచి 6 వరకు ఒక సెలవుగా, ఆ తర్వాత 9, 11 తేదీలను విడివిడిగా రాసిచ్చారు. టై-అప్ ఆసుపత్రి చీటీ ఒక్కటే క్లెయిమ్‌కి చాలదు, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. డాక్టర్ని అడగాల్సిన మాట కూడా ఇంతే: "సార్, మధ్య రోజుల్లో డ్యూటీకి వెళ్తున్నాను, డయాలసిస్ తేదీలు మాత్రమే రాయండి."

జూన్ లెక్క ఇలా తేలింది. మొదటి ఆరు రోజుల్లో రెండు కోత పోగా నాలుగు రోజులు, 1,680. తర్వాత 9, 11, 16, 18, 23, 25, 30, మొత్తం ఏడు రోజులు, 2,940. కలిపి 4,620 రూపాయలు ఖాతాలో పడ్డాయి. శనివారాలు ఈ లెక్కలో లేవు. ఎందుకంటే వాటిని కంపెనీతో మాట్లాడి వేరేగా సర్దాం.

వారం సర్దుకోవడంలో మేం చేసిన పెద్ద పని అదే. వీక్లీ ఆఫ్ ఆదివారం నుంచి శనివారానికి మార్పించాం. మా యూనిట్ ఆదివారం కూడా నడుస్తుంది కాబట్టి కుదిరింది. దాంతో మూడు డయాలసిస్‌లలో ఒకటి వారపు సెలవులో కలిసిపోయి, పోయేవి రెండు పని రోజులే అయ్యాయి. ఆది, సోమ, బుధ, శుక్రవారాలు డ్యూటీ. నైట్ షిఫ్ట్ తీసేసి జనరల్ షిఫ్ట్ ఇచ్చారు. సోమవారం అతన్ని మెషిన్ మీద కాకుండా ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టమని సూపర్‌వైజర్‌కి చెప్పాం. శనివారం డయాలసిస్ అయ్యాక మళ్లీ మంగళవారం దాకా లేదు. ఒంట్లో నీరు చేరి ఆయాసం వచ్చేది ఆ సోమవారమే.

"పొద్దున ఆరున్నర స్లాట్, పదకొండున్నరకి బయటపడి రెండింటి షిఫ్ట్‌కి వస్తా" అని రమణ మొదట్లో పట్టుబట్టాడు. కూర్చోబెట్టి ఎక్కించేది నాలుగు గంటలే, నిజమే. సూదులు తీశాక రక్తం ఆగేదాకా అదిమి పట్టుకోవడం, బీపీ చూడడం, బస్సు, అన్నీ కలిపితే సగం రోజు. వచ్చిన మొదటి రోజే కాలి పిక్కలు పట్టేసి లేత్ పక్కనే కూలబడ్డాడు. డబ్బు లెక్కన చూసినా అది నష్టమే. సగం పూట పని చేస్తే వచ్చేది 300, ఆ రోజుకి ఈఎస్ఐ 420 పోతుంది. అందుకని డయాలసిస్ రోజు పూర్తిగా సెలవు, మిగతా రోజు పూర్తిగా పని అని పెట్టుకోవడమే మేలు.

కంపెనీకి ఇచ్చే లెటర్ పొడుగ్గా వద్దు. "రజా కావాలి" అని నోటితో చెప్పి వదిలేస్తే మూడో వారానికి ఆబ్సెంట్ పడుతుంది. ఇంగ్లిష్‌లోనో కన్నడలోనో రాయండి. సారం ఇది:

"నాకు కిడ్నీ వైఫల్యం వల్ల ప్రతి మంగళ, గురు, శనివారాలు డయాలసిస్ జరుగుతోంది. ఫలానా తేదీ నుంచి మంగళ, గురువారాలు జీతం లేని వైద్య సెలవు ఇచ్చి, వీక్లీ ఆఫ్ శనివారానికి మార్చి, మిగతా నాలుగు రోజులు జనరల్ షిఫ్ట్ ఇవ్వగలరు. ప్రతి పదిహేను రోజులకీ ఈఎస్ఐ సర్టిఫికెట్ జత చేస్తాను. స్లాట్ మారితే ముందు రోజే తెలియజేస్తాను."

"జీతం లేని" అనే మాట చూసి భయపడకండి. కంపెనీ ఆ రోజుకి క్యాజువల్ లీవు కోసి జీతం ఇచ్చేస్తే ఈఎస్ఐ డబ్బు రాదు. ఉన్న లీవులు ఒంట్లో బాగోక అదనంగా ఆగిపోయే రోజులకి దాచుకోండి. లెటర్ రెండు కాపీలు తీసి, ఒకదాని మీద సీలు, తేదీ వేయించుకోండి. సర్టిఫికెట్ ఉన్న అనారోగ్యంలో ఉన్నవాణ్ణి ఆ కారణంగా తీసేయకూడదు, శిక్షించకూడదు అని ఈఎస్ఐ నిబంధనల్లో ఉంది. ఆ రక్షణ కాగితం ఉన్నవాడికే నిలబడుతుంది.

గొలుసు తెగే సందర్భం ఒకటుంది. రమణ దసరాకి ఊరెళ్లి మూడు వారాలు ఉందామనుకున్నాడు, అక్కడే ప్రైవేటులో డయాలసిస్ చేయించుకుంటానన్నాడు. ఆ మూడు వారాలకి ఈఎస్ఐ సర్టిఫికెట్ లేకపోతే 15 రోజుల గడువు దాటుతుంది. తిరిగొచ్చాక మళ్లీ ఒక్కో రోజుకి సున్నా. మళ్లీ మూడు రోజులో అంతకన్నా ఎక్కువో వరుస సెలవు పడేదాకా అంతే. పది రోజుల్లో వచ్చేయమన్నాను, వచ్చేశాడు.

కీమో వాళ్లకి ఇదే నిబంధన ఇంకోలా తగులుతుంది. 21 రోజులకోసారి కీమో అనుకోండి. మొదటి రోజు నుంచి ఐదు రోజులు సర్టిఫికెట్ ఉంటే, తర్వాతి కీమోకి మధ్య 16 రోజులు ఖాళీ. ఒక్క రోజు తేడాతో ప్రతిసారీ రెండు రోజులు పోతాయి. చాలామందికి కీమో అయిన వారం తర్వాతే రక్తకణాలు పడిపోయి నీరసం వస్తుంది, ఇంట్లోనే ఉంటారు. ఆ రోజులు దాచకుండా డాక్టరుకి చెప్పి సర్టిఫికెట్‌లో రాయించుకుంటే ఖాళీ దానంతటదే తగ్గుతుంది.

చివరగా రెండు అంకెలు మీ లెక్కలో ఉంచుకోండి. ఈ డబ్బు అందాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. వారానికి నాలుగు రోజులు పని చేస్తే 26 వారాలకి 104, ఇబ్బంది లేదు. మూడు రోజులే చేస్తే సరిగ్గా 78, ఒక్క రోజు జారినా తర్వాతి ఆరు నెలల కాలానికి అర్హత పోతుంది. వీక్లీ ఆఫ్ మార్చమని అంతగా అడగడానికి ఇదీ కారణమే.

రెండోది, ఏడాదికి 91 రోజులే పరిమితి. వారానికి రెండు చొప్పున అయితే పది నెలల్లో అయిపోతాయి. కిడ్నీ వైఫల్యం, క్యాన్సర్ రెండూ దీర్ఘకాల జబ్బుల జాబితాలో ఉన్నాయి. రెండేళ్లు ఉద్యోగంలో ఉండి, అంతకుముందు నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా ఉన్నవాళ్లకి 91 తర్వాత 80 శాతం లెక్కన పొడిగింపు ఇస్తారు. దానికి ఈఎస్ఐ స్పెషలిస్టు చూసి రాయాలి, అపాయింట్‌మెంట్‌కే రోజులు పడుతుంది. రమణకి ఇప్పుడు 58 రోజులు అయ్యాయి. వచ్చే నెల మొదటి మంగళవారం, డయాలసిస్ అయ్యాక, ఆ కాగితం కోసం రాజాజీనగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్తున్నాడు.