ఇంటర్వ్యూ వివరాలు అడుగుతూ రిక్రూటర్‌కు చిన్న మెయిల్ ఎలా రాయాలి?

ఇంటర్వ్యూకు రమ్మని వచ్చే మెయిల్‌లో తేదీ, సమయం, చిరునామా ఉంటాయి. ఎంతసేపు పడుతుంది, ఎవరు ప్రశ్నిస్తారు, రాత పరీక్ష ఉంటుందా అన్నవి చాలాసార్లు ఉండవు. అవి అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ముందుగా ఆ మెయిల్‌ను, దానికి జతచేసిన ఫైళ్లను, క్యాలెండర్ ఆహ్వానం వచ్చి ఉంటే దాన్నీ మళ్లీ చదవండి. ఆహ్వానంలో ముగింపు సమయం ఉంటే వ్యవధి తెలిసిపోతుంది. అందులో ఇతరుల పేర్లు కనిపిస్తే ప్యానెల్ గురించీ కొంత తెలుస్తుంది. ఇప్పటికే చెప్పిన సంగతినే అడిగితే మెయిల్ సరిగా చదవలేదని వారికి అర్థమవుతుంది.

తర్వాత అదే మెయిల్‌కు జవాబుగా రాయండి. రిక్రూటర్ ఒకేసారి అనేక ఉద్యోగాలు చూస్తుంటారు కాబట్టి, కొత్త మెయిల్ పంపితే మీరెవరో వెతుక్కోవాలి. మొదటి వాక్యంలోనే వస్తున్నట్టు చెప్పండి. అది లేకుండా ప్రశ్నలు మొదలుపెడితే, వివరాలు నచ్చితేనే వస్తారేమో అనిపిస్తుంది.

అసలు శ్రద్ధ ప్రశ్నలపై పెట్టాలి. 'ఇంటర్వ్యూ ఎలా ఉంటుంది?' అంటే 'మామూలుగానే ఉంటుంది' అన్న జవాబు వస్తుంది. ఒక్క మాటలో బదులు చెప్పగలిగేలా అడగండి. అకౌంటెంట్ ఉద్యోగానికి గురువారం ఉదయం 11 గంటలకు పిలిచారనుకుందాం:

"నమస్కారం. అకౌంటెంట్ ఉద్యోగ ఇంటర్వ్యూకు పిలిచినందుకు ధన్యవాదాలు. గురువారం ఉదయం 11 గంటలకు తప్పకుండా వస్తాను. సిద్ధం కావడానికి ఈ వివరాలు తెలియజేయగలరా?
1. ముఖాముఖి మాత్రమేనా, రాత పరీక్ష లేదా కంప్యూటర్ పరీక్ష కూడా ఉంటుందా?
2. అన్నీ కలిపి సుమారు ఎంతసేపు పడుతుంది?
3. ప్యానెల్‌లో ఏయే విభాగాల వారు ఉంటారు?
4. ఏ పత్రాలు తేవాలి? ఒరిజినల్స్ చూపిస్తే చాలా, నకళ్లు కూడా ఇవ్వాలా?
ఇట్లు, (మీ పేరు, ఫోన్ నంబరు)"

రెండో ప్రశ్నలో 'అన్నీ కలిపి' అన్న మాట వదలకండి. అది లేకపోతే ముఖాముఖికి అరగంట అని చెప్పవచ్చు, దాని ముందు గంటసేపు పరీక్ష ఉండవచ్చు. ఇప్పుడున్న ఉద్యోగంలో పూట సెలవు చాలుతుందో, రోజంతా కావాలో దీన్నిబట్టే తేలుతుంది. మూడో ప్రశ్నలో పేర్లు అడగలేదు, ఎందుకంటే ప్యానెల్ చివరి రోజున మారవచ్చు. విభాగం తెలిసినా చాలు. ఆర్థిక విభాగాధిపతి ఉంటే లెక్కల ముగింపు, పన్నుల గురించి లోతుగా చదువుకోవాలి. మానవ వనరుల వారు మాత్రమే అయితే పాత ఉద్యోగం ఎందుకు మానారు, జీతం ఎంత ఆశిస్తున్నారు అన్నవి ముందుకు వస్తాయి.

ఏ ప్రశ్నలు వేస్తారని మాత్రం అడగకండి. జీతం సంగతి కూడా ఈ మెయిల్‌లో కలపకండి, నాలుగు చిన్న ప్రశ్నల మధ్య దానికి సరైన జవాబు రాదు.

పిలుపు అందిన రోజే పంపితే మంచిది. మరుసటి పనిదినం ముగిసేలోగా జవాబు రాకపోతే ఒకసారి ఫోన్ చేసి, పరీక్ష, పత్రాల గురించి మాత్రం కనుక్కోండి. మిగతా రెండూ తెలియకపోయినా వెళ్లవచ్చు.