గల్ఫ్ నుంచి వచ్చేశాక ఐదారు లక్షలతో వెల్డింగ్ షాపు పెట్టడం ఎలా?

దమ్మాం నుంచి నేను వచ్చేసి నాలుగేళ్లయింది. సోంపేట దగ్గర మా ఊరి రోడ్డు మీద చిన్న వెల్డింగ్ షాపు నడుపుకుంటున్నాను. కంచిలి, కవిటి, మందస వైపు కుర్రాళ్లు గల్ఫ్ నుంచే ఫోన్ చేస్తుంటారు. "అన్నా, ఇంక వచ్చేద్దామనుకుంటున్నాను, చేతిలో ఐదారు లక్షలుంటాయి, ఏం చెయ్యమంటావు?" అని. ప్రతివాడికీ అదే మాట విడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. నాకు తెలిసింది వెల్డింగ్ కాబట్టి ఎక్కువ దాని గురించే ఉంటుంది. డ్రైవర్లకీ హోటల్ పనివాళ్లకీ మధ్యలో రెండు ముక్కలు చెప్తాను.

1. ఫైనల్ ఎగ్జిట్‌కి ముందు లెక్క చూసుకోండి

సౌదీలో ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. అక్కడి చట్టం ప్రకారం సర్వీసు డబ్బు మొదటి ఐదేళ్లకి ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం. కానీ మీ అంతట మీరు రాజీనామా చేస్తే రెండేళ్ల లోపు అయితే ఏమీ రాదు, రెండు నుంచి ఐదేళ్లయితే అందులో మూడో వంతు, ఐదు దాటి పదేళ్ల లోపు అయితే మూడింట రెండు వంతులు, పదేళ్లు నిండితేనే మొత్తం. నేను తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలకి రాజీనామా కాగితం ఇచ్చాను. ఏడు నెలల జీతం పైన రావాల్సింది, ఐదు నెలలు కూడా రాలేదు. ఇంకో నాలుగు నెలలు పళ్లు బిగించుకుని ఉంటే మొత్తం వచ్చేది. మా క్యాంపులో ఆ మాట చెప్పినవాడు లేడు, నేనూ అడగలేదు.

వెల్డర్లు తెచ్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. కంపెనీలో పాసైన వెల్డర్ టెస్టు కార్డు కాపీ, ఎక్స్‌పీరియన్స్ లెటర్. ఆ కార్డుతో ఇక్కడ నేరుగా పని రాదు, పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లోనో విశాఖ రిఫైనరీలోనో పైపు పనికి వెళ్తే మళ్లీ టెస్టు పెడతారు. పైగా ఆర్నెల్లు ఆ రకం వెల్డింగ్ చేయకపోతే పాత టెస్టు చెల్లదు. కానీ టిగ్, 6జీ పొజిషన్ అని కాగితం మీద ఉంటే టెస్టుకి పిలవడానికైనా పిలుస్తారు. ఆ స్థాయి చెయ్యి ఉన్నవాడికి నా సలహా, షాపు జోలికి పోకుండా షట్‌డౌన్ పనులకి వెళ్లడమే మంచిది.

బ్యాంకులో ఎన్ఆర్ఈ ఖాతా ఉంటే, వచ్చేశాక దాన్ని మామూలు రెసిడెంట్ ఖాతాగా మార్పించుకోవాలి.

2. తెచ్చిన డబ్బులో ముందు వడ్డీ అప్పు పోవాలి

వీసాకి చేసిన అప్పు నూటికి మూడు రూపాయలు ఉందనుకోండి, అంటే ఏడాదికి 36 శాతం. రెండు లక్షల అప్పుకి నెలకి ఆరు వేలు. కొత్తగా పెట్టిన షాపు మొదటి ఏడాది ఆ ఆరు వేలు మిగల్చడం కష్టం. అందుకే ఆరు లక్షలు తెచ్చినవాడు రెండు లక్షల అప్పు కట్టేసి, లక్షన్నర ఇంటి ఖర్చుకి పక్కన పెట్టి, మిగిలిన రెండున్నరతోనే వ్యాపారం ఆలోచించాలి. ఇంటికి స్లాబ్ వేయించేస్తే ఆ రెండున్నరా ఉండదు, అది మీకూ తెలుసు.

డ్రైవర్లకి, హోటల్ పనివాళ్లకి

గల్ఫ్ లైసెన్సు ఇక్కడ పనికిరాదు. మన లైసెన్సు గడువు దాటి ఏడాది పైన అయిపోతే రెన్యువల్‌కి మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఇవ్వాలి, కాబట్టి సెలవుకి వచ్చినప్పుడే తేదీ చూసుకోండి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం ఎల్ఎంవీ లైసెన్సు ఉంటే 7,500 కిలోల లోపు రవాణా బండి నడపడానికి వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు. ఇది చిన్న గూడ్స్ బండి నడిపేవాళ్లకి లాభం. అయితే వచ్చీరాగానే ఈఎంఐ మీద బండి కొనకండి. ఆరు నెలలు ఇంకొకరి బండి నడిపితే కిరాయిలు ఏ నెలలో పడిపోతాయో మీకే తెలుస్తుంది.

హోటల్లో చేసినవాళ్లు, అందులోనూ వంటవాళ్లు, టేబుళ్లు వేసి హోటల్ పెట్టే కన్నా కర్రీ పాయింటుతోనో ఆర్డరు మీద వంటలతోనో మొదలుపెడితే అద్దె భారం తక్కువ. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ మాత్రం చిన్న దుకాణానికైనా తప్పదు. ఇక నా పనికి వస్తాను.

3. కొన్ని నెలలు షాపు లేకుండా పని చేయండి

200 ఆంప్స్ ఇన్వర్టర్ మిషను, 14 అంగుళాల కటింగ్ మిషను, 4 అంగుళాల గ్రైండరు, ఒక డ్రిల్లు, కేబుళ్లు, హెల్మెట్, గ్లౌజులు. సుమారు 40, 50 వేలలో అయిపోతుంది. ఇవి ఆటోలో వేసుకుని జనం ఇంటికే వెళ్లి పని చేయొచ్చు. విరిగిన గేటు కబ్జా, మెట్ల రెయిలింగ్, ట్రాక్టరు ట్రక్కు డోరు, జీడి తోట ఫెన్సింగ్ గేటు లాంటివి. ఈ నెలల్లో సంపాదన కన్నా ముఖ్యం, ఇళ్లు కట్టే మేస్త్రీలు ఎవరో తెలియడం. గ్రిల్ పని ఎవరికివ్వాలో ఇంటాయనకి చెప్పేది మేస్త్రీయే.

ఇక్కడి పనికీ గల్ఫ్ పనికీ తేడా కూడా అప్పుడే తెలుస్తుంది. అక్కడ 7018 రాడ్డుతో మందపాటి పైపు అతికించినవాడు ఇక్కడ పల్చటి స్క్వేర్ పైపు మీద మొదటి రోజు కన్నాలు పెడతాడు. నేనూ పెట్టాను. 6013 రాడ్డు, 2.5 ఎంఎం, కరెంటు తగ్గించి చిన్న చిన్న టాకాలుగా వేయాలి. జీఐ పైపు అయితే అతికే చోట జింకు పూత గ్రైండరుతో తీసేసి, గాలి తగిలే చోట కూర్చుని వేయండి. లేకపోతే ఆ తెల్ల పొగ పీల్చినందుకు రాత్రికి చలిజ్వరం వస్తుంది.

4. లోను కావాలంటే బోర్డు కట్టకముందే వెళ్లాలి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తున్నారు. సబ్సిడీతో బ్యాంకు లోను ఇప్పించే పీఎంఈజీపీ స్కీము కొత్త యూనిట్లకే. షాపు తెరిచేసి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేసేసుకుని తర్వాత వెళ్తే పాత యూనిట్ అని తిప్పి పంపుతారు. కాబట్టి ముందే శ్రీకాకుళంలో జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, దరఖాస్తులు తీసుకుంటున్నారా, ఏ కాగితాలు కావాలి అని అడగండి. దరఖాస్తు ఆన్‌లైన్లో మీరే పెట్టుకోవచ్చు, దానికి ఏజెంటు అక్కర్లేదు, ఫీజూ లేదు.

లెక్క ఇలా ఉంటుంది. పల్లెలో ఐదు లక్షల ప్రాజెక్టు, మీరు బీసీ అనుకుందాం. మీ వాటా 5 శాతం, అంటే 25 వేలు. బ్యాంకు 4,75,000 ఇస్తుంది. సబ్సిడీ 35 శాతం, అంటే 1,75,000. ఓసీ మగవాళ్లకైతే వాటా 10 శాతం, సబ్సిడీ 25 శాతం. అయితే ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో మీ పేరున డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తున్నట్టు చూశాక అప్పులో జమ చేస్తారు. మధ్యలో షాపు మూసేస్తే ఆ లాభం పోతుంది. లక్ష, రెండు లక్షలు చాలు అనుకునేవాళ్లకి ముద్రా లోను సులువు. 50 వేల లోపు శిశు, ఐదు లక్షల దాకా కిశోర్, తాకట్టు అడగకూడదు. సబ్సిడీ మాత్రం ఉండదు.

కరెంటు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. ఇంటి మీటరు మీద షాపు నడిపి ఈపీడీసీఎల్ తనిఖీలో దొరికితే, వాడిన కరెంటుకి ఆ కేటగిరీ రేటుకి రెట్టింపు లెక్కేసి బిల్లు వేస్తారు. షాపుకి వేరే సర్వీసు తీసుకోండి.

5. రేటు చెప్పడం నేర్చుకోవాలి, షాపు బతికేది దాని మీదే

గల్ఫ్‌లో మనకి ఎవరో డ్రాయింగ్ ఇచ్చారు, ఎవరో ఇనుము తెచ్చారు. ఇక్కడ రెండూ మనమే. ఒక కిటికీ గ్రిల్ తీసుకుందాం, 4 అడుగులు బై 4 అడుగులు. నాలుగడుగులంటే 1.22 మీటర్లు.

చుట్టూ ఫ్రేముకి 25 బై 5 ఫ్లాటు, నిలువు సపోర్టులు రెండు కూడా అదే. మొత్తం ఆరు ముక్కలు, 7.3 మీటర్లు. ఫ్లాటు బరువు తెలుసుకోవడానికి వెడల్పు, మందం ఎంఎంలో గుణించి మళ్లీ 0.00785తో గుణిస్తే మీటరుకి కిలోల్లో వస్తుంది. 25 బై 5 ఫ్లాటు మీటరుకి 0.98 కిలో, అంటే ఇక్కడ సుమారు 7.2 కిలోలు. అడ్డంగా 4 అంగుళాల ఎడంలో 12 ఎంఎం చదరపు కడ్డీలు 11 పడతాయి. 13.4 మీటర్లు, మీటరుకి 1.13 కిలో, అంటే 15.2 కిలోలు. గ్రిల్ 22.4 కిలోలు తేలింది. ముక్కలు పోయేదానితో కలిపి 23.5 కిలోలు కొనాలి.

ఇనుము కిలో 65 అనుకుంటే 1,530 రూపాయలు. రాడ్లు, డిస్కులు, రెడ్ ఆక్సైడ్, కరెంటు కలిపి ఓ 250. హెల్పరుకి పూట కూలి 300. మొత్తం 2,080. తయారైన గ్రిల్ కిలో 120 చొప్పున ఇస్తే 2,690 వస్తుంది. మిగిలేది 610. అందులోంచే అద్దె, ఆటో, లోను కిస్తీ, మీ కూలి. ఇప్పుడు ఎవరో బేరమాడితే "సరే, వంద చేసుకో" అన్నారనుకోండి, వచ్చేది 2,240, మిగిలేది 160. పూటంతా కళ్లు మండించుకున్నది 160 రూపాయలకి! ఇరవై రూపాయలే కదా అనిపిస్తుంది, కానీ ఆ ఇరవైలోనే మన కూలి అంతా ఉంది. రేట్లు మీ ఊరి ఐరన్ షాపులో అడిగి ఈ లెక్కలో మార్చుకోండి, పద్ధతి ఇదే.

చదరపు అడుగు రేటు అడిగేవాళ్లు ఉంటారు. ఆ రేటు చెప్పేసిన తర్వాత "కడ్డీలు ఇంకొంచెం దగ్గరగా వేయి" అంటే బరువు పెరుగుతుంది, డబ్బు పెరగదు. కొత్తలో కిలో లెక్కే మంచిది. తూకం కొన్నాయన ఎదుటే వేయండి, రంగు వేయకముందే.

6. సముద్రం గాలి, ముహూర్తాలు

మన తీరం వైపు గేటు తుప్పు పట్టేది పైనుంచే కాదు, పైపు లోపలి నుంచి కూడా. కింది పైపు చివర మూయకుండా వదిలేస్తే వాన నీళ్లు లోపల నిలుస్తాయి, ఒకటి రెండేళ్లకే అడుగు రాలిపోతుంది. చివర్లకి రేకు ముక్క పెట్టి చుట్టూ మూసేయండి. వెల్డింగ్ మీద స్లాగ్ పూర్తిగా కొట్టకుండా ప్రైమర్ వేసినా అదే చోట రంగు పొర లేస్తుంది.

పని ఏడాదంతా ఒకేలా ఉండదు. ఆషాఢంలో, మూఢంలో గృహప్రవేశాలు ఉండవు కాబట్టి గేట్లు అడిగేవాళ్లు తగ్గిపోతారు. మంచి ముహూర్తం పడిందంటే నలుగురూ ఒకే వారంలో కావాలంటారు. ఖాళీ నెలల్లో కిస్తీకి రెండు మూడు నెలల డబ్బు విడిగా లేకపోతే మళ్లీ ఆ మూడు రూపాయల వడ్డీకే వెళ్లాల్సి వస్తుంది.

అడ్వాన్సు సగం పైన తీసుకుని ఆ రోజే ఇనుము కొనేయండి, వారం ఆగితే రేటు మారిపోవచ్చు. మిగతా డబ్బు గేటు ఆటో ఎక్కేటప్పుడే తీసుకోండి, బిగింపు కోసం ఓ 500 ఆపుకోమనండి. గోడకి సిమెంటు పెట్టి బిగించేశాక మిగిలిన బాకీ కోసం నేను ఒకాయన ఇంటి చుట్టూ సంక్రాంతి నుంచి ఉగాది దాకా తిరిగాను. వెళ్లినప్పుడల్లా నేను చేసిన గేటే తెరుచుకుని లోపలికి వెళ్లేవాణ్ణి.