ఎస్ప్రెస్సో షాట్ పిచికారీ కొడుతోందా? పంపు ప్రెషర్ చూడండి

సమస్య: అనంతపురంలో మా ఫ్రెండ్ ఒకడు ఇంట్లో పెట్టుకున్న ఎస్ప్రెస్సో మెషిన్‌తో నెలరోజులు తిప్పలు పడ్డాడు, పొడి పట్టే పిడి గిన్నె, అదే పోర్టాఫిల్టర్, అడుగు లేనిది పెడితే సన్నగా పక్కలకి చిమ్ముతుంది, కప్పులో కాఫీ ఒకే గుక్కలో పులుపు, చేదు రెండూ. వాడేమో పొడి సరిపోలేదేమో అని ఇంకా సన్నగా ఆడించాడు, దాంతో ఇంకా ఎక్కువైంది.

కారణం: డబ్బా మీద పెద్దగా రాసిన 15 బార్ అనేది నీళ్లు ఎటూ పోకుండా మూసేస్తే ఆ వైబ్రేషన్ పంపు ఎంత తోయగలదో చెప్పే లెక్క, కాఫీకి కావాల్సింది కాదు. చిల్లుల్లేని బాస్కెట్ వేసి గేజ్ బిగించి చూస్తే 13 చూపించింది. అంత ప్రెషర్‌కి బాస్కెట్‌లో అదిమిన పొడి, అదే కాఫీ బిళ్ళ, గట్టిగా నొక్కుకుపోయి నీళ్లకి దారి ఇవ్వదు, యాడ బలహీనంగా ఉంటే ఆడ చీల్చుకుని పోతాయి, ఆ చీలిక చుట్టూ చేదు దిగుతుంది, మిగతా పొడిలోంచి సరిగ్గా దిగదు కాబట్టి పులుపు.

కాఫీకి కావాల్సింది 9 బార్. మరి 9 ఎందుకంటే, ఇటలీలో గాజియా అనే ఆయన 1940ల చివర్లో స్ప్రింగ్ లివర్ తెచ్చాక ఆవిరితో వచ్చే ఒకటిన్నర బార్ కాస్తా 8, 9కి పోయింది, కాఫీ పైన చిక్కటి నురగ, క్రీమా, అప్పుడే వచ్చింది. 1961లో ఫాయెమా కంపెనీ ఇ61 మెషిన్ మోటారు పంపుతో అదే 9ని షాట్ మొత్తం నిలబెట్టింది, అందరూ దాన్నే పట్టుకున్నారు. ఆ చుట్టుపక్కల దాటాక ప్రెషర్ పెంచినా నీళ్లు పెద్దగా ఎక్కువ రావు, బిళ్ళే బిగుసుకుంటుంది.

పరిష్కారం: ప్లగ్ పీకి, మెషిన్ చల్లారాక పై మూత తీయండి. పంపు దగ్గర నుంచి ట్యాంకుకి తిరిగి పోయే సన్న పైపు ఉంటుంది, దాని మొదట్లో ఉండేదే ఓవర్ ప్రెషర్ వాల్వ్. చాలా వాటిలో స్క్రూ వదులు చేస్తే ప్రెషర్ తగ్గుతుంది, పావు చుట్టు తిప్పి, మూత పెట్టి, మళ్లీ గేజ్ చూడండి. గేజ్‌లో 10 దగ్గర ఆపితే చాలు, కాఫీ పోసేటప్పుడు ఇంచుమించు 9 వస్తుంది. మావాడిది రెండున్నర పావులకి కుదిరింది, ఆ తర్వాత గ్రైండ్ కొంచెం ముతక చేసి 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 28 సెకన్లలో దింపాం, చిమ్మడం ఆగింది.

గేజ్ 10 చూపిస్తూ కాఫీతో మాత్రం 5 దాటకపోతే పంపు తప్పు కాదు, పొడి ముతక. గేజ్ కూడా ఎక్కకపోతే వాల్వ్‌లో సున్నం పట్టిందేమో చూడండి, మా బోరు నీళ్లకి అది మామూలే.

ఇక ప్రెషర్ ప్రొఫైలింగ్, అంటే షాట్ నడుస్తుండగానే ప్రెషర్ మార్చడం. షాట్ చివర్లో ధార తెల్లబడి వేగం పెరుగుతుందే, పొడిలోంచి సారం కరిగిపోయి బిళ్ళ అడ్డు తగ్గడం వల్ల అది. అందుకే మొదట 2, 3 బార్‌తో తడిపి, 9కి పెంచి, చివర 6కి దించితే ధార ఒకే తీరుగా ఉంటుంది, పాత స్ప్రింగ్ లివర్ స్ప్రింగ్ విప్పుకుంటూ చేసింది ఇదే. లైట్ రోస్ట్‌కి తేడా బాగా తెలుస్తుంది. మన చిక్కటి డార్క్ రోస్ట్‌కైతే, పైగా పాలు పోసేస్తే, నా నాలుకకి పెద్ద తేడా తెలియలేదు, దానికోసం ఇంకో మెషిన్ కొనద్దన్నా.