ఇంటి నీళ్ళ లెక్కలు – 4వ పాఠం: గుండ్రటి తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయి?

గత పాఠంలో వృత్తానికి వైశాల్యం కట్టడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో ఆ వైశాల్యాన్ని తొట్టి ఎత్తుతో గుణించి, వచ్చిన ఫలితాన్ని లీటర్లలో చెప్పడం నేర్చుకుందాం. గుణకారం రెండు నిమిషాల పని. తొట్టికి ఎక్కడ టేపు పెట్టాలి, ఏ ఎత్తును ఎత్తుగా తీసుకోవాలి అన్న దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది కాబట్టి, ఈ పాఠంలో ఎక్కువ భాగం కొలతలకే కేటాయిస్తున్నాను.

ఉదాహరణగా నిజంగా వాడుకలో ఉన్న తొట్టినే తీసుకుందాం. అనంతపురం జిల్లా నుంచి వచ్చి బెంగళూరులో మారతహళ్ళి వైపు అద్దెకుంటున్న ఒక పాఠకురాలు తమ ఇంటి ఆవరణలోని సిమెంటు రింగుల తొట్టి కొలతలు పంపారు. మూడు కుటుంబాలు ఆ తొట్టి నీళ్ళే వాడుకుంటాయి. బోరు ఎండినప్పుడు ట్యాంకరు తెప్పించి ఖర్చు పంచుకుంటారు. "మేస్త్రి మూడు వేల లీటర్ల పైనే పడుతుందన్నాడండీ, కానీ మాకు ఎప్పుడూ అన్ని నీళ్ళు వచ్చినట్టు అనిపించదు" అని ఆవిడ రాశారు. ఆవిడ అనుమానం సరైనదేనని లెక్క చివర మీకే తెలుస్తుంది.

ముందుగా సూత్రం చూద్దాం. వృత్త వైశాల్యం అంటే π విలువను వ్యాసార్ధ వర్గంతో గుణించడం. తొట్టి దగ్గర నిలబడి మనం కొలవగలిగేది మాత్రం వ్యాసార్ధం కాదు, వ్యాసం. వ్యాసార్ధం అందులో సగం, సగాన్ని సగంతో గుణిస్తే నాలుగో వంతు. కాబట్టి π విలువ 3.1416ను 4తో భాగించి, వచ్చిన 0.7854ను నేరుగా వ్యాస వర్గంతో గుణిస్తే సరిపోతుంది. వ్యాసాన్ని మళ్ళీ సగం చేయాల్సిన పని తప్పుతుంది, సగం చేయడం మరిచిపోయే ప్రమాదమూ తప్పుతుంది.

ఇక లీటర్ల సంగతి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 10 సెంటీమీటర్లు ఉన్న పెట్టెలో సరిగ్గా ఒక లీటరు పడుతుంది. అందువల్ల సెంటీమీటర్లలో కొలిచిన ప్రతి కొలతనూ ముందే 10తో భాగించుకుంటే, అంటే డెసీమీటర్లలోకి మార్చుకుంటే, గుణకారం ఫలితం లీటర్లలోనే వస్తుంది. ఘనసెంటీమీటర్లలో లక్షల సంఖ్యలు కట్టి చివర వెయ్యితో భాగించే పద్ధతి తప్పేమీ కాదు గానీ, సున్నాలు జారిపోయేది అక్కడే. నేను ఎప్పుడూ డెసీమీటర్ల దారినే సూచిస్తాను.

లీటర్లు = 0.7854 × వ్యాసం × వ్యాసం × ఎత్తు (కొలతలు డెసీమీటర్లలో)

ఇప్పుడు వ్యాసం ఎలా కొలవాలో చూద్దాం. ఈ తొట్టి మీద సిమెంటు పలక కప్పి ఉంది, అంచుకు ఆనుకుని మనిషి తల పట్టేంత కంత మాత్రమే ఉంది. కాబట్టి లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు టేపు సాగదీయడం కుదరదు. పై భాగం పూర్తిగా తెరిచి ఉన్న తొట్టిలోనైనా కేంద్రం ఎక్కడుందో కంటికి తెలియదు. టేపు ఒక కొసను గోడకు ఆనించి, రెండో కొసను ఎదురు గోడ మీద అటూ ఇటూ జరుపుతూ, అన్నిటికంటే పెద్దదిగా వచ్చిన కొలతనే వ్యాసంగా తీసుకోవాలి. మూత ఉన్న తొట్టికి మాత్రం బయటి నుంచి చుట్టుకొలత తీయడమే నమ్మకమైన మార్గం. రింగు కొద్దిగా కోలగా పోతపోసి ఉన్నా చుట్టుకొలత మీద ఆ తేడా పెద్దగా కనబడదు.

దర్జీ వాడే మెత్తటి టేపును గానీ, సాగని పురికొసను గానీ తొట్టి చుట్టూ నేలకు సమాంతరంగా తిప్పాలి. వెనకవైపు టేపు కిందికి జారితే చుట్టుకొలత ఎక్కువ చూపిస్తుంది కనుక రెండో మనిషి అక్కడ పట్టుకోవడం మంచిది. రెండు రింగులు కలిసే చోట సిమెంటు ఉబ్బుగా ఉంటుంది, అక్కడ కాకుండా రింగు నడుమన కొలవాలి. మన పాఠకురాలికి 514 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని 3.1416తో భాగిస్తే 163.6 సెంటీమీటర్లు. ఇది బయటి వ్యాసం.

నీళ్ళు ఉండేది గోడ లోపల. కంత దగ్గర రింగు అంచు కనబడుతోంది కాబట్టి అక్కడ స్కేలు పెట్టి, లోపలి పూతతో కలిపి, గోడ మందం కొలిచారు: 7.5 సెంటీమీటర్లు. వ్యాసం గీతకు రెండు చివరలా గోడ ఉంటుంది కనుక ఈ మందాన్ని రెండుసార్లు తీసివేయాలి. ఒకసారే తీసివేసి ఊరుకోవడం తరచుగా జరిగే పొరపాటు. 163.6లోంచి 15 తీసివేస్తే లోపలి వ్యాసం 148.6 సెంటీమీటర్లు, అంటే 14.86 డెసీమీటర్లు.

వర్గం కడితే 14.86 × 14.86 = 220.82. దాన్ని 0.7854తో గుణిస్తే 173.43. ఈ సంఖ్యను ఒక కాగితం మీద విడిగా రాసి పెట్టుకోండి. తొట్టిలో ప్రతి డెసీమీటరు ఎత్తు నీటికీ 173.43 లీటర్లు అని దీని అర్థం. ఒక్కో సెంటీమీటరుకు చెప్పాలంటే 17.3 లీటర్లు. ఇక మీదట ఎత్తు ఎంతైనా ఈ ఒక్క సంఖ్యతోనే పని జరిగిపోతుంది.

ఎత్తు దగ్గర తీరిగ్గా ఆలోచించాలి. తొట్టి కడిగి ఆరబెట్టిన రోజున, అడుగున మడ్డి లేనప్పుడు కొలవడం మేలు. కంతలోంచి టేపు వదిలితే అది వంగిపోతుంది, కాబట్టి నిటారుగా ఉండే ప్లాస్టిక్ గొట్టాన్నో వెదురు కర్రనో దించి, దాని మీద గుర్తు పెట్టుకుని, పైకి తీశాక ఆ గుర్తును కొలవాలి. పాఠకురాలు మూడు ఎత్తులు పంపారు, మూడూ అవసరమే. అడుగు నుంచి కప్పు పలక దాకా 150 సెంటీమీటర్లు. అడుగు నుంచి, ఎక్కువైన నీళ్ళు బయటికి పోయే గొట్టం కింది అంచు దాకా 138. అడుగు నుంచి, కుళాయిలకు నీళ్ళు వెళ్ళే గొట్టం కింది అంచు దాకా 8.

కప్పు దాకా లెక్క కడితే 173.43 × 15 = 2,601 లీటర్లు. కానీ ఆ తొట్టిలో ఎన్నడూ అన్ని నీళ్ళు నిలవవు. 138 దగ్గరికి రాగానే పై గొట్టం గుండా బయటికి పోతాయి. 173.43 × 13.8 = 2,393 లీటర్లు. తొట్టి నిండిందని మనం అనేది ఈ లెక్కనే. అందులోనూ అడుగున 8 సెంటీమీటర్ల మేర ఉన్న నీళ్ళు గొట్టానికి అందవు, అవి 139 లీటర్ల దాకా ఉంటాయి. 138లోంచి 8 పోగా మిగిలే 130 సెంటీమీటర్లకు, అంటే 13 డెసీమీటర్లకు, 173.43 × 13 = 2,255 లీటర్లు. మూడు కుటుంబాలూ పంచుకునేది ఈ 2,255నే.

మేస్త్రి చెప్పిన మూడు వేల పైచిలుకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు పట్టుకోవచ్చు. బయటి వ్యాసం 16.36 డెసీమీటర్లతోనే, కప్పు దాకా లెక్క కట్టి చూడండి: 0.7854 × 16.36 × 16.36 × 15 = 3,153 లీటర్లు. గోడ మందమూ గొట్టాల ఎత్తూ వదిలేసినందుకు దాదాపు 900 లీటర్లు కాగితం మీద పెరిగాయి. ఆ 900లో గోడ వాటాయే ఎక్కువ, 550 లీటర్ల పైన. వ్యాసాన్ని వర్గం చేస్తాం కాబట్టి అందులో నూటికి ఒకటి తప్పితే లీటర్లలో నూటికి రెండు తప్పుతుంది. ఎత్తులో నూటికి ఒకటి తప్పితే లీటర్లలోనూ ఒకటే తప్పుతుంది. ఈ తొట్టికి వ్యాసంలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే 30 లీటర్లు అటూ ఇటూ అవుతాయి. అందుకే వ్యాసాన్ని రెండు మూడు చోట్ల కొలిచి సరిచూసుకోమని గట్టిగా చెబుతాను. అదే π విలువకు బడిలో వాడిన 22/7 తీసుకుంటే ఇంత తొట్టిలో తేడా ఒక లీటరే, దాని గురించి దిగులు అక్కరలేదు.

ఫలితం సరైనదో కాదో తెలుసుకునే తేలిక మార్గం ఒకటుంది. గుండ్రటి తొట్టి సరిగ్గా ఇమిడే చతురస్రపు పెట్టెను ఊహించుకోండి. దాని లెక్క వ్యాసం × వ్యాసం × ఎత్తు. గుండ్రటి తొట్టి ఎప్పుడూ ఆ పెట్టెలో ముప్పాతిక కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. మన లెక్కలో 220.82 × 13 = 2,871; అందులో ముప్పాతిక 2,153; మనకు వచ్చిన 2,255 దానికి కొంచెం పైన ఉంది, కాబట్టి సరే. వచ్చిన సంఖ్య పెట్టె లెక్కను మించిపోయిందంటే వ్యాసార్ధం వేయాల్సిన చోట వ్యాసం వేశారన్నమాట. అప్పుడు ఫలితం నాలుగు రెట్లు అవుతుంది.

నీళ్ళతోనే సరిచూడాలంటే లీటరు కొలపాత్రతో నింపి 20 లీటర్ల దగ్గర గీత పెట్టుకున్న బకెట్ ఒకటి కావాలి. తొట్టిలో కర్ర నిలిపి నీటిమట్టం గుర్తించి, కుళాయిలన్నీ కట్టేసి, పది బకెట్లు పోసి, నీళ్ళు నిలకడ అయ్యాక మళ్ళీ గుర్తించండి. 200 లీటర్లకు మట్టం 11.5 సెంటీమీటర్లు పెరగాలి. 12 పెరిగితే లోపలి వ్యాసం మీరు అనుకున్నదాని కంటే మూడు సెంటీమీటర్ల దాకా తక్కువని అర్థం. లోపలి పూత కింద మందంగా ఉండి ఉండవచ్చు. ఈ పరీక్షను తొట్టి అడుగున ఒకసారి, సగం నిండాక ఒకసారి చేస్తే గోడ నిటారుగా ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.

మేడ మీద ఉండే ప్లాస్టిక్ ట్యాంకుకు ఈ లెక్క ఉజ్జాయింపుగానే పనికొస్తుంది. దాని గోడ చుట్టూ గట్లు ఉంటాయి, పై భాగం గోపురంలా మూతి వైపు సన్నబడుతుంది. భుజం మొదలయ్యే చోటు దాకానే ఎత్తుగా తీసుకోండి.

అభ్యాసం: ఒక రింగుల తొట్టి బయటి చుట్టుకొలత 440 సెంటీమీటర్లు, గోడ మందం 5, పై గొట్టం కింది అంచు 120, కింది గొట్టం అంచు 6. వాడుకోగలిగే నీళ్ళు ఎన్ని? వ్యాసాలను పూర్ణ సెంటీమీటర్లకు సవరించుకుంటే 1,513 లీటర్లు రావాలి. మీకు 1,755 వస్తే గోడను తీసివేయలేదు. 1,632 వస్తే గోడను ఒకవైపే తీసివేశారు. 1,593 వస్తే కింది గొట్టాన్ని మరిచారు. ఆరు వేలు దాటితే 0.7854కు బదులు 3.1416 వేశారు.